“రెండు నిమిషాల్లో తేదీలన్నీ ఒకేలా”: ఈ సలహాను ఎందుకు నమ్మకూడదు

“తేదీల గందరగోళానికి రెండు నిమిషాల మందు! 1. కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి Format Cellsలో yyyy-mm-dd పెట్టండి, అన్నీ మారిపోతాయి. 2. మారనివి మిగిలితే 12 దాటిన అంకె రోజు, లేకపోతే మొదటి అంకె రోజు అనుకుని సరిచేయండి. 3. నెల పేరు అక్షరాల్లో ఉన్నవే అసలు తలనొప్పి, ముందు వాటిని అంకెల్లోకి మార్చేయండి. 4. సంవత్సరం రెండంకెల్లో ఉన్నా పర్వాలేదు, కంప్యూటరే చూసుకుంటుంది. 5. స్లాష్‌లన్నీ డాష్‌లు చేస్తే సగం పని అయినట్టే. పది మందికీ పంపండి.”

ఎక్సెల్ షీట్లలోని తేదీల గురించిన ఈ సందేశం నాకు ఎన్ని వైపుల నుంచి వచ్చిందో చెప్పలేను. పంపినవారంతా మంచి ఉద్దేశంతోనే పంపారు. అయితే వారిలో కొందరు రక్తదాతల జాబితాలు చూసుకునేవారు కావడం వల్ల ఊరుకోలేకపోతున్నాను. అలాంటి జాబితాలో “చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ” అనే కాలమ్ ఉంటుంది. పురుషులకు 90 రోజులు, స్త్రీలకు 120 రోజులు గడిచాకే మళ్లీ పిలవాలి కాబట్టి, అక్కడ రోజు, నెల తారుమారైతే పిలవకూడని మనిషికి ఫోన్ వెళుతుంది.

ఐదో అంశంతో పెద్దగా పని లేదు. స్లాష్ ఉన్నా డాష్ ఉన్నా 04-09-2024లో ఏది రోజో, ఏది నెలో తెలియదు. పైగా Find and Replace చేసినప్పుడు ఎక్సెల్ ఆ గళ్లను కొత్తగా టైపు చేసినవిగా భావించి తనకు తోచిన తేదీగా మార్చే అవకాశం ఉంది కనుక, దాన్ని అసలు చేయకండి.

నాలుగో అంశం విషయానికి వస్తే, కంప్యూటర్ చూసుకునే మాట నిజమే కానీ ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కో రకంగా చూసుకుంటుంది. ఎక్సెల్‌లో చాలాకాలంగా ఉన్న నియమం ప్రకారం 00 నుంచి 29 వరకు ఉన్నవి 2000ల్లోకి, 30 నుంచి 99 వరకు ఉన్నవి 1900ల్లోకి వెళతాయి. ఆ హద్దును విండోస్ సెట్టింగుల్లో మార్చుకోవచ్చు కూడా. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో రెండంకెల సంవత్సరానికి `%y` వాడితే హద్దు 68 దగ్గర ఉంటుంది. అందువల్ల 62లో పుట్టిన దాత ఎక్సెల్‌లో 1962లో పుట్టినట్టూ, పైథాన్‌లో 2062లో పుట్టబోతున్నట్టూ నమోదవుతాడు. పుట్టిన తేదీల కాలమ్‌లో నేటి తేదీని దాటినవాటిని వెతికి 100 సంవత్సరాలు తగ్గించాలి. చివరిసారి రక్తం ఇచ్చిన తేదీకైతే 2000ల్లోనిదేనని మనమే ముందుగా నిర్ణయించవచ్చు. ఏ కాలమ్‌కు ఏ నియమమో మనిషి చెప్పాలి.

అసలు ప్రమాదం మొదటి అంశంలో ఉంది. మిగతావన్నీ వదిలేసినా దీన్ని వదలకూడదు.

విజయవాడలో రోజు ముందు పెట్టి టైపు చేసిన ఒక సీఎస్‌వీ ఫైల్ ఉందనుకుందాం. అందులో ఒకరి తేదీ 04/09/2024, అంటే సెప్టెంబరు 4. మరొకరిది 25/08/2024. ఈ ఫైల్‌ను విండోస్ రీజియన్ English (United States)గా ఉన్న ల్యాప్‌టాప్‌లో నేరుగా తెరుస్తాం. మన ఊళ్లలో వాడే ల్యాప్‌టాప్‌లలోనూ ఆ సెట్టింగ్‌ను ఎవరూ మార్చకుండా వదిలేయడం మామూలే. తెరిచిన ఆ క్షణంలోనే, మనం ఏ మెనూ ముట్టుకోకముందే, ఎక్సెల్ మొదటి తేదీని ఏప్రిల్ 9గా చదివి గడిలో 45391 అనే సంఖ్యగా దాచుకుంటుంది. సెప్టెంబరు 4 అయితే అక్కడ 45539 ఉండాలి. రెండో తేదీకి వచ్చేసరికి 25వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా గుర్తించలేక వట్టి అక్షరాలుగా వదిలేస్తుంది. తెర మీద మాత్రం రెండూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. మొదటిది గడిలో కుడివైపుకు, రెండోది ఎడమవైపుకు జరిగి ఉండటం ఒక్కటే తేడా.

ఇప్పుడు ఫార్మాట్ మార్చండి. ఫార్మాట్ అనేది లోపల ఉన్న సంఖ్యను ఎలా చూపాలో మాత్రమే చెబుతుంది కనుక 45391 కాస్తా 2024-04-09గా కనిపిస్తుంది. 25/08/2024 కదలదు, మెదలదు. ఆ తరువాత రెండో అంశం ప్రకారం “మారనివాటిని” చేత్తో 2024-08-25గా దిద్దుతారు. కాలమ్ పైనుంచి కిందివరకు ఒకే తీరులో కనిపిస్తుంది. తప్పు జరిగిందని చెప్పే ఏకైక గుర్తు, అంటే కొన్ని తేదీలు అక్షరాలుగా మిగిలిపోవడం, మన చేతులతోనే చెరిపేశాం. అక్టోబరు 15న జాబితా తీస్తే ఈ మొదటి దాతకు ఆరు నెలలు దాటినట్టు కనిపిస్తుంది, కానీ ఆయన రక్తమిచ్చి 41 రోజులే అయింది. ఇలాంటి చిట్కాను పది మందికీ పంపమని చెప్పేవారు, ఒక్క ఫైల్ మీదనైనా దాన్ని ప్రయోగించి మూలంతో పోల్చి చూశారా?

ఇది అరుదుగా జరిగేదేమీ కాదు. ఏడాదిలో రోజు, నెల రెండూ 12 లోపే ఉండే తేదీలు 144. వాటిలో 5/5, 8/8 వంటి 12 తేదీలు తిప్పినా మారవు. మిగిలిన 132 తేదీలు ఎటు చదివినా చెల్లుతాయి. అంటే ప్రతి మూడు తేదీల్లో ఒకటికి మించి తారుమారయ్యే అవకాశం ఉందన్నమాట.

మీ ఫైల్ ఇప్పటికే ఈ దెబ్బ తిన్నదో లేదో తెలుసుకునే మార్గం ఉంది. పక్క కాలమ్‌లో `=ISNUMBER(A2)` రాసి TRUE వచ్చిన వరుసలను మాత్రం వడకట్టి, వాటిలో `=DAY(A2)` ఎంత వస్తోందో చూడండి. మామూలుగా రాసిన తేదీల్లో సగానికి పైగా 13 నుంచి 31 మధ్య ఉండాలి. వందల వరుసల్లో ఒక్కటి కూడా 12 దాటకపోతే, పైగా FALSE వచ్చినవన్నీ 13 లేదా అంతకన్నా పెద్ద అంకెతో మొదలవుతూ ఉంటే, రోజు ముందున్న ఫైల్‌ను నెల ముందున్న యంత్రం చదివిందని నిస్సందేహంగా చెప్పవచ్చు. ఆ ఒక్క పరిస్థితిలో మాత్రమే ఈ సూత్రం పనిచేస్తుంది:

```
=IF(ISNUMBER(A2),
  DATE(YEAR(A2),DAY(A2),MONTH(A2)),
  DATE(RIGHT(A2,4),MID(A2,4,2),LEFT(A2,2)))
```

సంఖ్యలుగా మారినవాటిలో రోజు, నెలలను ఇది తిరిగి తిప్పుతుంది, అక్షరాలుగా మిగిలినవాటిని రోజు ముందున్నట్టుగా చదువుతుంది. మూల ఫైల్ దొరికే వీలుంటే ఈ మరమ్మతు కూడా వద్దు. Data మెనూలోని From Text/CSV ద్వారా తెచ్చుకుని, రకాలను గుర్తించవద్దని చెప్పి, తేదీలను అక్షరాలుగానే ఉంచండి. తరువాత ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీలో Using Locale ఎంచుకుని, విజయవాడ ఫైల్‌కు English (India), అమెరికాలోని మిత్రులు పంపిన ఫైల్‌కు English (United States) అని విడివిడిగా చెప్పండి. చెప్పిన క్రమానికి కుదరని వరుస Error అని బయటపడుతుంది. అది మనకు కావలసిందే. అసలు కాలమ్‌ను మాత్రం చెరపకుండా పక్కనే ఉంచుకోవాలి.

ఇక రెండో అంశంలో ఒక నిజం ఉంది, దాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. 12 దాటిన అంకె నెల కాలేదు, ఆ సగం పూర్తిగా సరైనదే. అంతేకాదు, సందేశం రాసినవారు అనుకున్నదానికంటే అది ఎక్కువ ఉపయోగపడుతుంది. అయితే దాన్ని వరుస వరుసకూ వాడకూడదు, ఫైల్ మొత్తానికి సాక్ష్యంగా వాడాలి. ఒకే చోటు నుంచి వచ్చిన ఫైల్‌లో 25/08, 17/03 వంటివి ఉండి, 08/25 వంటిది ఒక్కటీ లేకపోతే, అదే ఫైల్‌లోని 04/09 కూడా సెప్టెంబరు 4 అని గట్టిగా చెప్పవచ్చు. రెండు రకాలూ కనిపిస్తే అది ఇద్దరు మనుషులు నింపిన ఫైల్. అప్పుడు ఎవరు నింపారో చూసి విడదీయాలి తప్ప “మొదటిది రోజు అనుకుని” ముందుకు పోకూడదు. అన్ని ఫైళ్లనూ ఒకే షీట్‌లో కలిపేశాక ఈ సాక్ష్యం మళ్లీ దొరకదు కాబట్టి, కలపకముందే ప్రతి వరుసకూ ఏ ఫైల్ నుంచి వచ్చిందో ఒక కాలమ్ చేర్చాలి.

పైథాన్ వాడేవారు `dayfirst=True` పెడితే చాలంటారు. పైథాన్‌లో పట్టికల కోసం వాడే పాండాస్ లైబ్రరీలో అది కచ్చితమైన నియమం కాదు, రోజు ముందు ఉందేమో చూసి కుదరకపోతే నెల ముందుగా చదివేస్తుంది. పై చిట్కాలోని లోపమే అక్కడా ఉంది. క్రమాన్ని స్పష్టంగా చెప్పి, కుదరనివాటిని ఖాళీగా వదిలించాలి:

```
pd.to_datetime(s, format="%d/%m/%Y", errors="coerce")
```

మూడో అంశం చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. “4 సెప్టెంబరు 2024” అన్నా “Sept 4, 2024” అన్నా సందేహానికి తావే లేదు. మొత్తం కాలమ్‌లో నమ్మదగినవి అవే. వాటిని చేజేతులా 04/09/2024గా మార్చి మిగతా సందేహాల గుంపులో కలపడం ఏ రకమైన శుభ్రత? వాటిని నేరుగా 2024-09-04గా మార్చాలి. అందుకు పన్నెండు నెలల పట్టిక ఒకటి చాలు. అందులో సెప్టెంబర్, సెప్టెంబరు, Sep, Sept, September అన్నిటికీ ఎదురుగా 09 ఉండాలి. పైథాన్‌లోని `%b` Sep అంటే గుర్తిస్తుంది, Sept అంటే గుర్తించదు కనుక ఈ రూపాలన్నీ పట్టికలో చేర్చడం అవసరం.

తెలుగులో రాసిన నెలల్లో మరో చిక్కు ఉంది. “ఏప్రిల్” అని రెండు గళ్లలో ఒకేలా కనిపిస్తున్నా ఒకటి పట్టికతో సరిపోయి రెండోది సరిపోదు. కొన్ని కీబోర్డులు పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక అక్షరాన్ని, యూనికోడ్‌లో U+200Cని, చేరుస్తాయి. రెండు గళ్లకూ `=LEN(A2)` వేసి చూస్తే ఒకదానిలో ఒకటి ఎక్కువ వస్తుంది. పోల్చే ముందు ఇలా తీసేయాలి:

```
=TRIM(SUBSTITUTE(A2,UNICHAR(8204),""))
```

ఇన్ని చేశాక కూడా కొన్ని వరుసలు తేలవు. వాటికి పక్క కాలమ్‌లు సాయం చేయవచ్చు. దాత పేరు జాబితాలో చేరినది 2024 జూన్‌లో అయి, అప్పుడే నింపిన చివరి తేదీ 04/09/2024గా ఉంటే, సెప్టెంబరు ఇంకా రాలేదు కాబట్టి అది ఏప్రిల్ 9 మాత్రమే కావాలి. అలాంటి ఆధారమూ లేనివాటికి కొత్త కాలమ్‌లో తేదీ పెట్టకండి. ఖాళీగా ఉంచి, “నిర్ధారణ కాలేదు” అని రాసి, ఆ దాతలకు ఫోన్ చేసి అడగండి. అడిగేటప్పుడు నెల పేరును నోటితో చెప్పించండి.