అత్తమామల ఇంట్లో కోడలి నివాస హక్కు: కొడుకును పక్కన పెట్టి తేల్చగలమా?

సివిల్ కోర్టుల్లో ఒక రకం దావా తరచూ కనిపిస్తుంది. వాది స్థానంలో మామగారో అత్తగారో, ప్రతివాది స్థానంలో కోడలు ఉంటారు. ఇల్లు తన స్వార్జితమనీ, కొడుకు మీద ప్రేమతో కొడుకునూ కోడలినీ ఉండనిచ్చాననీ, ఆ అనుమతిని ఇప్పుడు ఉపసంహరించుకున్నాననీ, కాబట్టి కోడలి చేత ఇల్లు ఖాళీ చేయించాలనీ వాది కోరతారు. దావాకు కొన్ని నెలల ముందు, కొడుకుతో తమకు ఎలాంటి సంబంధమూ లేదంటూ పత్రికలో పబ్లిక్ నోటీసు వేయించడమూ మామూలే. ఈ కాగితాలన్నిటిలో కొడుకు ఎక్కడున్నాడో, భార్యను ఎక్కడ ఉంచదలచుకున్నాడో, ఆమె తిండికీ గూడుకూ ఏం చేస్తున్నాడో ఒక్క వాక్యం కూడా ఉండదు. ఆస్తి ఎవరిదన్నదాని కంటే ఈ దావాల్లో నిజంగా తేలాల్సింది ఈ గైర్హాజరు సంగతేనని నా అభిప్రాయం.

చట్టం మాట ముందు చూద్దాం. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 2006 అక్టోబర్ 26న అమలులోకి వచ్చింది. కుటుంబ సంబంధంలో ఉన్న ప్రతి స్త్రీకీ ఉమ్మడి నివాసంలో ఉండే హక్కు ఉంటుందని, ఆ ఇంటి మీద ఆమెకు యాజమాన్యం ఉన్నా లేకపోయినా ఈ హక్కు వర్తిస్తుందని దాని 17వ సెక్షన్ చెబుతోంది. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఆమెను వెళ్లగొట్టకూడదని కూడా అదే సెక్షన్ అంటోంది. కాబట్టి ఇది ఆస్తిలో వాటా కాదు. మామగారి స్వార్జితమైన ఇంటి మీద ఆయన బతికుండగా కొడుక్కే హక్కు లేనప్పుడు కోడలికి వాటా వస్తుందని ఎవరూ అనలేరు. ఆమెకున్నది తల మీద నీడ, అదీ హఠాత్తుగా తీసేయడానికి వీల్లేని నీడ, అంతే.

చట్టం వచ్చిన రెండు నెలల్లోపే, 2006 డిసెంబర్‌లో, సుప్రీంకోర్టు బాత్రా కేసులో ఈ హక్కును బాగా కుదించింది. ఢిల్లీలో అత్తగారి పేరిట ఉన్న ఇల్లు అది. ఉమ్మడి నివాసం అంటే భర్తకు చెందిన ఇల్లు, లేదా అతను అద్దెకు తీసుకున్న ఇల్లు, లేదా అతను సభ్యుడిగా ఉన్న ఉమ్మడి కుటుంబపు ఇల్లు మాత్రమేనని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. దంపతులు ఎప్పుడో కొన్నాళ్లు ఉన్న ప్రతి బంధువు ఇల్లూ ఉమ్మడి నివాసమే అనుకుంటే గందరగోళం పుడుతుందన్నది దాని వాదన. ఆ భయంలో కొంత నిజముంది. కానీ దాన్ని తప్పించడానికి ఎంచుకున్న దారి మన కుటుంబాల వాస్తవానికి ఎదురు నడిచింది. పెళ్లయ్యాక భర్త తల్లిదండ్రుల ఇంటికే కాపురానికి వెళ్లే ఆడపిల్లలు ఇక్కడ లక్షల్లో ఉన్నారు. మెట్టినిల్లు అని మనం పిలిచేది ఆ ఇంటినే. అలాంటి చోట భర్త పేరిట ఇల్లు ఉంటేనే భార్యకు నీడ అని నియమం పెడితే, చట్టం రక్షించదలచుకున్న వారిలో పెద్ద భాగం దాని పరిధి దాటిపోతుంది. తీర్పు వచ్చాక ఇళ్లు తల్లి పేరిటకు మారడమూ, కొడుకును కాదన్నట్టు నోటీసులు పడడమూ దాన్ని ఆసరా చేసుకునే సాగాయి.

ఈ దారిని సరిచేసింది 2020 అక్టోబర్ 15న అహూజా కేసులో సుప్రీంకోర్టే ఇచ్చిన తీర్పు. ఆ కేసు వివరాలు తెలుసుకుంటే న్యాయస్థానం దేన్ని సరిదిద్దిందో స్పష్టమవుతుంది. దక్షిణ ఢిల్లీలో ఒక ఇంటిని మామగారు 1983లో కొన్నారు. 1995లో కొడుకు పెళ్లయ్యాక కొత్త దంపతులు మొదటి అంతస్తులో కాపురం పెట్టారు. 2004లో కొడుకు భార్యను పైన వదిలి కింది అంతస్తులోని అతిథి గదికి మారాడు. 2014లో విడాకులకు వెళ్లాడు. 2015లో ఆమె గృహహింస చట్టం కింద ఫిర్యాదు చేస్తే, ఆమెను ఇంటి నుంచి పంపవద్దని మేజిస్ట్రేట్ 2016లో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. 2017లో మామగారు సివిల్ దావా వేశారు. ఇల్లు ఆయన పేరిటే ఉందన్న సంగతిని అంగీకారంగా తీసుకుని, సాక్ష్యాల విచారణే లేకుండా, 2019లో ట్రయల్ కోర్టు ఖాళీ చేయమని డిక్రీ ఇచ్చింది. హైకోర్టు దాన్ని రద్దు చేసి విచారణకు తిప్పి పంపింది. సుప్రీంకోర్టు హైకోర్టుతో ఏకీభవించి, బాత్రా కేసులోని వ్యాఖ్యానం సరికాదని స్పష్టంగా ప్రకటించింది.

ఇప్పుడున్న స్థితి ఇది: భర్త బంధువు ఎవరి పేరిట ఇల్లున్నా, కోడలు అక్కడ కొంత స్థిరంగా కాపురం ఉండి ఉంటే అది ఉమ్మడి నివాసం కావచ్చు. అయితే పండక్కి వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్లిన ఇల్లు ఆ లెక్కలోకి రాదు. ఎంత స్థిరంగా ఉన్నారు, ఏ ఉద్దేశంతో ఉన్నారు అన్నది చూడాలని కోర్టు చెప్పింది. బాత్రా కేసులో వ్యక్తమైన గందరగోళపు భయానికి సరైన జవాబు ఇదే. ఆధార్‌లోని చిరునామా, గ్యాస్ కనెక్షన్, రేషన్ కార్డు, పిల్లల బడి రికార్డు వంటివి ఇక్కడ అక్కరకొస్తాయి. గేటుకు తాళం వేసి లోపలికి రానివ్వకపోవడం కూడా ఈ చట్టం దృష్టిలో ఆర్థిక హింస కిందికే వస్తుంది కనుక, కొట్టిన దెబ్బ చూపిస్తేనే ఉత్తర్వు వస్తుందనుకోవడం పొరపాటు.

అదే తీర్పులో రెండో వైపు కూడా ఉంది. నివాస హక్కు ఎవరూ కదపలేనిది కాదని, వృద్ధులైన అత్తమామలు ఎదురుగా ఉన్నప్పుడు వారి మనశ్శాంతినీ తూకంలో వేయాలని న్యాయమూర్తులు చెప్పారు. మేజిస్ట్రేటు మధ్యంతర ఉత్తర్వు ఉన్నంత మాత్రాన మామగారు సివిల్ దావా వేయకూడదని కాదు. సాక్ష్యం నడిచి, ఇద్దరి మాటా విన్నాక కోర్టు ఖాళీ చేయమనవచ్చు. కోడలు కోరినంత మాత్రాన అత్తగారిని ఆమె ఇంట్లోంచి బయటికి పంపమని మేజిస్ట్రేటు ఆదేశించలేరు కూడా. స్త్రీల మీద అలాంటి ఉత్తర్వు కుదరదని 19వ సెక్షనే అంటోంది. అత్తమామల ఇళ్లు కోడళ్లకు రాసిచ్చినట్టయిందని ఈ తీర్పును చూసి బెంగపడేవారు ఈ భాగం తప్పక చదవాలి.

సివిల్ కోర్టు దారి పొడవైనది కనుక ఇంకో దారి బలపడింది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 కింద, మన రెండు రాష్ట్రాల్లో ఆర్డీవో నేతృత్వంలోని ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెడితే విచారణ క్లుప్తంగా ముగుస్తుంది. పిల్లలు వదిలేసిన ముసలివారికి ఇది ఎంతో అవసరమైన వేదిక. కానీ దాన్నే కోడలిని ఖాళీ చేయించే సాధనంగా వాడితే ఏమవుతుందో బెంగళూరు నుంచి వచ్చిన వనిత కేసులో 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చూసింది. అక్కడ భర్త పెళ్లికి కొన్ని నెలల ముందు కొన్న ఆస్తి 2006లో అతని తండ్రికి అమ్మకంగా, 2010లో తండ్రి నుంచి తల్లికి గిఫ్టుగా మారింది. చివరికి కోడలిని ఖాళీ చేయించే ఉత్తర్వు ట్రిబ్యునల్ నుంచి వచ్చింది. రెండు చట్టాలనూ కలిపి చదవాలని, క్లుప్త విచారణతో భార్య నివాస హక్కును తుడిచేయకూడదని కోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. గృహహింస చట్టం కింద ఆమె తన హక్కును కోరేందుకు ఏడాది వ్యవధి ఇచ్చింది. వృద్ధుల రక్షణకు అవసరమైతే, ఇరువైపుల వాదనలూ చూశాక ఖాళీ చేయించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని కూడా చెప్పింది. ఇంత జాగ్రత్త ఆర్డీవో కార్యాలయాల్లో, భూ వివాదాల ఫైళ్ల మధ్య, ఎంతవరకు సాధ్యమన్నది నా ఆందోళన.

మన దగ్గర తరచూ ఎదురయ్యే ఒక పరిస్థితిని ఊహించి చూద్దాం. హైదరాబాద్‌లో రిటైరైన ఉద్యోగి కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు. కొడుకు అమెరికాలో ఉద్యోగి. పెళ్లయ్యాక వీసా వచ్చేదాకా అని కోడలిని తల్లిదండ్రుల దగ్గర ఉంచి వెళ్లాడు. మూడేళ్లయినా తీసుకుపోలేదు, ఫోన్లు ఆగిపోయాయి. మామగారికి గుండె జబ్బు, ఇంట్లో రోజూ గొడవ. ఆమె గృహహింస చట్టం కింద కేసు వేస్తుంది, ఆయన ఖాళీ చేయించమని దావా వేస్తారు. ఇద్దరి బాధా అబద్ధం కాదు. కానీ ఇద్దరికీ ఈ దుస్థితి తెచ్చినవాడు ఏ కోర్టు గుమ్మమూ ఎక్కడు, ఏ ఖర్చూ పెట్టడు. అతను తీర్చాల్సిన బాకీని తండ్రి ఇంటి రూపంలో, భార్య అవమానం రూపంలో తీరుస్తున్నారు.

చట్టంలో దీనికి దారి లేకపోలేదు. గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద, ఉమ్మడి నివాసంలో ఆమె అనుభవించిన స్థాయి వసతినే మరోచోట ఏర్పాటు చేయాలని లేదా దాని అద్దె చెల్లించాలని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ముసలి తల్లిదండ్రులు, కోడలు ఒకే కప్పు కింద ఉండలేని స్థితిలో ఇదే న్యాయమైన పరిష్కారం. ఇది చెడేది ఆచరణలో. అద్దె ఇస్తారన్న ఉత్తర్వును నమ్మి ఆమె ఇల్లు ఖాళీ చేస్తుంది, రెండు మూడు నెలలు డబ్బు వచ్చి ఆగిపోతుంది, ఆపైన బకాయి కోసం మళ్లీ పిటిషన్ వేసుకుని వాయిదాల చుట్టూ తిరగాలి. ఈలోగా పాత ఇంటి గుమ్మం శాశ్వతంగా మూసుకుపోతుంది. కాబట్టి వరుస మారాలి. కనీసం ఏడాది అద్దె, అడ్వాన్సు కోర్టులో జమ అయ్యాకే, కొత్త ఇంటి తాళాలు ఆమె చేతికి అందాకే పాత ఇల్లు ఖాళీ చేయమనాలి. భర్త ఇక్కడ జీతం తీసుకునేవాడైతే, భృతి మొత్తాన్ని అతని జీతంలోంచి నేరుగా ఇప్పించమని యజమానిని ఆదేశించే అధికారం 20వ సెక్షన్ మేజిస్ట్రేటుకు ఇచ్చింది. అతను విదేశంలో ఉంటే ఇక్కడ అతని పేరిట ఉన్న ప్లాటునో డిపాజిట్లనో చేజారనివ్వకూడదు.

దీనికి ముందు జరగాల్సింది, మామగారి దావాలో కొడుకును కూడా పార్టీగా చేర్చడం. అహూజా కేసులో హైకోర్టు ఇలాంటి అన్ని దావాల్లోనూ భర్తను చేర్చాలన్నట్టు ఆదేశించగా, దాన్ని సార్వత్రిక నియమంగా చూడకూడదని, కేసును బట్టి ట్రయల్ కోర్టు విచక్షణకు వదలాలని సుప్రీంకోర్టు సడలించింది. నేను ఇక్కడ హైకోర్టు వైపే మొగ్గుతాను. భర్త రికార్డులో ఉంటే ఖాళీ చేయించే డిక్రీకీ ప్రత్యామ్నాయ వసతికీ ఒకే తీర్పులో ముడి వేయవచ్చు. నివాస హక్కును సివిల్ కోర్టులోనూ కోరవచ్చని గృహహింస చట్టం 26వ సెక్షన్ చెబుతోంది కనుక దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఈ పరిష్కారం చేరనిది ఒక్కరికి, భర్త చనిపోయిన కోడలికి. అద్దె కట్టమని ఆదేశించడానికి ఆమెకు భర్తే లేడు. హిందూ దత్తత, మనోవర్తి చట్టం వితంతువైన కోడలికి మామగారి నుంచి పోషణ ఇప్పిస్తుంది గానీ, ఆయన చేతిలో ఉమ్మడి కుటుంబపు ఆస్తి ఉంటేనే అది అమలవుతుంది. స్వార్జితం మీద ఆ బాధ్యత లేదు. 2022 మే 12న ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు, అత్తవారింట్లో నిజంగా కాపురం ఉండకపోయినా అలాంటి స్త్రీకి ఉమ్మడి నివాసంలో ఉండే హక్కు ఉంటుందని చెప్పింది. కాబట్టి వృద్ధుల ప్రశాంతతను తూకం వేసే అదే కోర్టు, ఆమె విషయంలో ఇంటి హక్కుకు ఎక్కువ బరువు ఇవ్వాలి. భర్త బతికున్న భార్యకు మరో చోట గూడు కట్టించమని అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. ఈమెకు మిగిలింది ఆ ఇల్లే.