సవరణ: గోదాము చోటుకు సగటు కాదు, మధ్యగతం

దుకాణాలకు సరుకు పంపే గోదామును వాటి స్థానాల భారిత సగటు దగ్గర, అంటే ట్రిప్పుల సంఖ్యను బట్టి తీసిన సగటు దగ్గర, పెట్టాలని ఇంతకు ముందు రాశాను. "వీధుల వెంట అడ్డంగా, నిలువుగా దూరం కొలుస్తున్నప్పుడు భారిత సగటు ఎలా సరిపోతుందండీ?" అని ఒక పాఠకుడు అడిగారు.

సరిపోదు, తప్పు నాదే. సగటు కనిష్ఠం చేసేది దూరాల వర్గాల మొత్తాన్ని. లారీకి వర్గంతో పని లేదు. కావలసింది మధ్యగతం, అంటే ఒక్కో దిశలో ట్రిప్పులను కూడుతూ పోతే మొత్తంలో సగం దాటే చోటు.

నా ఉదాహరణలోని నాలుగు దుకాణాలు (1,2), (3,4), (5,8), (12,6). వారానికి వరుసగా 4, 2, 3, 4 ట్రిప్పులు, మొత్తం 13, అందులో సగం 6.5. అడ్డు దిశలో ఎడమ నుంచి కూడుతూ పోతే 4, 6, 9. సగం దాటింది 5 దగ్గర. నిలువు దిశలో దుకాణాలను మళ్లీ కింది నుంచి పేర్చాలి: 4, 6, 10. ఇక్కడ సగం దాటింది 6 దగ్గర. కాబట్టి గోదాము (5,6). అక్కడ ఏ దుకాణమూ లేదు, ఉండనక్కర్లేదు కూడా. రెండు దిశలకూ కలిపి ఒకే "మధ్య దుకాణం" వెతకడం మరో పొరపాటు.

ఈ చోట వారపు దూరం 74. నేను చెప్పిన (5.6, 4.9) దగ్గర సుమారు 78.

కారణం సులువే. 5 నుంచి కుడికి ఒక అడుగు జరిగితే 9 ట్రిప్పులకు దూరం పెరుగుతుంది, 4 ట్రిప్పులకే తగ్గుతుంది. ఎడమకు జరిగితే 7కు పెరిగి 6కు తగ్గుతుంది. చివరి దుకాణం 12 నుంచి 20కి పోయినా ఈ లెక్క మారదు. సగటు మాత్రం దాని వెంట పరుగెత్తుతుంది.

కూడిక సరిగ్గా సగం దగ్గర ఆగితే, ఆ దుకాణానికీ తర్వాతి దానికీ మధ్య ఎక్కడైనా ఖర్చు ఒకటే.