సవరణ: ‘ఐ బి గోయింగ్’ గురించి

మునుపటి టపాలో ఇలా రాశాం: “‘ఐ బి గోయింగ్’ అంటే ‘ఐ యామ్ గోయింగ్’ అనే అర్థమే. వ్యాకరణం రానివాళ్లు అలా అంటారు.”

ఇందులో రెండు ముక్కలూ తప్పే. ఆఫ్రికన్ అమెరికన్ ఇంగ్లిష్‌లో ఈ ‘బి’ అలవాటును చెబుతుంది. ‘వెళ్తున్నాను’ కాదు, ‘వెళ్తుంటాను’. మనం తెలుగులో క్రియ చివర చూపే తేడానే వాళ్లు ‘బి’తో చూపుతారు.

జానిస్ జాక్సన్ అనే పరిశోధకురాలు పిల్లలకు ఒక బొమ్మ చూపారు. అందులో ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల టీవీ కార్యక్రమంలో ఎప్పుడూ కుకీలు తినే పాత్ర కుకీ మాన్‌స్టర్ జబ్బుపడి మంచంలో ఉంటే, అదే కార్యక్రమంలోని మరో పాత్ర ఎల్మో కుకీలు తింటున్నాడు. ‘హూ ఈజ్ ఈటింగ్ కుకీస్?’ అంటే పిల్లలు ఎల్మోను చూపారు. ‘హూ బి ఈటింగ్ కుకీస్?’ అని అడిగితే మాత్రం, ఆ మాట ఇంట్లో వినే నల్లజాతి పిల్లలు ఎక్కువగా కుకీ మాన్‌స్టర్‌ను చూపారు. రోజూ తినేది అతనే కదా!

నియమం ఉన్నచోట తప్పూ ఉంటుంది. ఈ అర్థంలో ‘ఐ బి గోయింగ్ రైట్ నౌ’ అంటే ఆ మాండలికంలోనే కుదరదు; ‘ఐ బి గోయింగ్ ఎవ్రీ సండే’ కుదురుతుంది. వ్యతిరేకార్థానికి ‘ఐ డోంట్ బి గోయింగ్’ అనాలి, ‘ఐ యామ్ నాట్ బి గోయింగ్’ అనకూడదు. ప్రశ్న ‘డు యు బి గోయింగ్?’

ప్రామాణిక ఇంగ్లిష్ పరీక్షలో ఇది రాస్తే మార్కులు పోతాయి. ఆ పరీక్ష అడిగేది వేరే మాండలికాన్ని.