బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయని పిల్లలకి తాగించే ముందు

వినుకొండ, బొల్లాపల్లి వైపు ఏ ఊళ్లోనైనా మంచి బోరు ఏదమ్మా అని అడిగితే ఆడవాళ్లు టక్కున చెప్పేస్తారు, ఫలానా బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి, సబ్బు బాగా నురగొస్తుంది, పప్పు తొందరగా ఉడుకుతుంది అని. ఉప్పగా ఉండే బోరు బట్టలకీ గేదెలకీ, తియ్యటిది తాగడానికి. తరతరాల లెక్క ఇది, చాలా విషయాల్లో కరెక్టే, కానీ ఎక్కువైతే పళ్లనీ ఎముకల్నీ పాడుచేసే ఫ్లోరైడ్ దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క తిరగబడే అవకాశం ఎక్కువ.

ఎందుకంటే ఈ వైపు నేల కింద ఉండే గ్రానైట్ లాంటి రాళ్లలో ఫ్లోరైడ్ సహజంగానే ఉంటుంది, లోతు బోరులో నీళ్లు ఆ రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలవుంటే అది కరిగి నీళ్లలోకి వస్తుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ని పట్టుకుని కరగని పదార్థంగా కిందకి దింపేస్తుంది. కాల్షియం తక్కువై సోడా గుణం ఎక్కువైన నీళ్లలో దాన్ని పట్టుకునేది ఉండదు కాబట్టి ఫ్లోరైడ్ అలాగే కరిగి ఉండిపోతుంది. సబ్బు బాగా నురగొచ్చే నీళ్లంటే కాల్షియం తక్కువున్న నీళ్లే కదా. అన్ని తియ్యటి బోర్లూ చెడ్డవని మేం అనట్లేదు, రుచి చూసి తేల్చొద్దు అంటున్నాం అంతే. ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, ఈ మోతాదుల్లో రుచీ తెలీదు.

ఇంకో మాట, ఫిల్టర్ అమ్మేవాళ్లు పెన్నులాంటి మీటర్ ముంచి టీడీఎస్ 400, సూపర్ వాటర్ అని చూపిస్తుంటారు. ఆ మీటర్ చెప్పేది నీళ్లలో మొత్తం లవణాలు ఎన్నో మాత్రమే, ఆ 400లో ఫ్లోరైడ్ అర మిల్లీగ్రామా 3 మిల్లీగ్రాములా అన్నది దానికి తెలిసే ఛాన్సే లేదు. మన దేశ ప్రమాణం ప్రకారం లీటర్ నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట మాత్రమే 1.5 వరకు ఒప్పుకుంటారు. విజయవాడలో గానీ గుంటూరులో గానీ కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లతో మామూలుగా ఈ భయం అక్కర్లేదు, అసలు సమస్య బోర్ల దగ్గరే.

అలాగని ఫ్లోరైడ్ అనగానే విషం అనుకునే బ్యాచ్ ఒకటి తయారైంది, వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ చూసి పిల్లలకి ఫ్లోరైడ్ ఉన్న పేస్టు మాన్పించేస్తున్నారు, ఇదీ తప్పే. బిస్కెట్టో చాక్లెట్టో తిన్నాక నోట్లో బ్యాక్టీరియా యాసిడ్ తయారుచేస్తుంది, అది ఎనామెల్ నుంచి ఖనిజాల్ని లాగేస్తుంది, కొంచెం ఫ్లోరైడ్ లాలాజలంలో ఉంటే పోయిన ఖనిజాలు మళ్లీ వచ్చి చేరడానికి సాయపడుతుంది, అలా గట్టిపడిన చోట యాసిడ్‌కి అంత తొందరగా లొంగదు. ఈ మేలు ఎక్కువగా పంటి పైన జరిగే పని, కడుపులోకి వెళ్లాల్సిన పని లేదు. కాబట్టి మూడేళ్ల లోపు పిల్లలకి బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకి బఠాణీ గింజంత, అది కూడా పెద్దవాళ్లే పెట్టి, ఉమ్మేయించాలి. యాడ్‌లో చూపించినట్టు బ్రష్ నిండా వేసి వాడి చేతికిచ్చేస్తే తియ్యగా ఉందని మింగేస్తాడు.

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. ఇరవై కేజీల బరువున్న పిల్లాడికి రోజుకి 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ సరిపోతుంది, 2 దాటకూడదు. వాడు తాగేదీ, అన్నం ఎసరు, పప్పు, పాలల్లో కలిపేవీ అన్నీ కలిపి లీటరున్నర నీళ్లు అనుకుందాం. లీటరుకి 0.4 ఉన్న నీళ్లైతే 0.6 మిల్లీగ్రాములు, ఇబ్బందే లేదు. అదే 3 ఉన్న బోరైతే నాలుగున్నర, అంటే దాటకూడని దానికి రెట్టింపు పైనే, అదీ రోజూ. కొంతమంది ఇళ్లల్లో తాగడానికి క్యాన్ తెప్పించుకుంటారు గానీ వంట మాత్రం బోరు నీళ్లతోనే, ఎసరు మరిగేకొద్దీ నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ పోదు, అన్నంలోకి చేరుతుంది. కాచి చల్లార్చితే సరిపోతుంది అనేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి, కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది.

నష్టం కనపడేది లేటుగా. ముందు పళ్లు ఆరేడేళ్లకి ఊడి కొత్తవి వస్తాయి కదా, ఆ కొత్త పంటి ఎనామెల్ చాలావరకు చిగురు లోపల మొదటి మూడు నాలుగేళ్లలోనే తయారైపోతుంది. రెండో క్లాసులో పంటి మీద మచ్చ కనపడిందంటే అది వాడు అంగన్‌వాడీకి వెళ్లిన రోజుల్లో, అంతకుముందు ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో తాగిన నీళ్ల లెక్క, అప్పుడు నీళ్లు మార్చినా ఆ మచ్చ పోదు. ఎనిమిదేళ్లు దాటాక తాగే నీళ్లతో కొత్తగా ఈ మచ్చలు దాదాపు రావు. గుర్తుపట్టడం కూడా పెద్ద కష్టం కాదు, పుచ్చు ఎక్కడో ఒక పంటి గుంటలోనో రెండు పళ్ల సందులోనో మొదలవుతుంది, ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ మచ్చలు మాత్రం కుడీ ఎడమా జతగా, అడ్డగీతలుగా సుద్దముక్క రాసినట్టు తెల్లగా ఉంటాయి, ముదిరితే గోధుమ రంగుకి తిరుగుతాయి. తోమట్లేదని పిల్లని తిట్టే తల్లులున్నారు, ఆ గార తోమితే పోయేది కాదు, తప్పు ఆ పిల్లది అసలే కాదు.

పెద్దవాళ్ల సంగతి ఇంకా బాధగా ఉంటుంది. ఎండలో మిరప కోతకి వెళ్లే మనిషి రోజుకి నాలుగు లీటర్లు తాగుతుంది, లీటరుకి 3 ఉన్న అదే బోరైతే 12 మిల్లీగ్రాములు, పదేళ్లో ఇరవయ్యేళ్లో అలా సాగితే ఎముకల్లో పేరుకుంటుంది. ముందు నడుం, మెడ పట్టేస్తాయి, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందవు, గడ్డం ఛాతీకి ఆనదు, చేతులు తల వెనక్కి వెళ్లవు. కీళ్లవాతం అనుకుని నొప్పి మాత్రలు మింగుతూ పోతారు, ఆ మాత్రలతో కిడ్నీ దెబ్బతింటే ఫ్లోరైడ్ బయటికి పోవాల్సిన దారే మూసుకుపోతుంది. బిగిసిన ఎముకని మళ్లీ మామూలు చేసే మందు లేదు. ఇవన్నీ ఇప్పుడు తెలిసినవి కావు, 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో పొదిలి చుట్టుపక్కల పల్లెల్లో ఈ వంగిపోయిన మనుషుల్ని డాక్టర్లు చూసి పత్రికలో రాశారు. పొదిలి ఇక్కడికి పక్కనే. ఇన్నేళ్ల తర్వాత కూడా తమ బోరులో ఫ్లోరైడ్ ఎంతో తెలీని తల్లి ఈ జిల్లాల్లో ఉందంటే అది మాకు చాలా కోపం తెప్పించే విషయం.

టెస్టు పెద్ద ఖర్చు కాదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులున్నాయి, కిట్లతో రంగు చూసే పరీక్ష ఊళ్లోనే చెయ్యొచ్చు, కిట్‌లో 1 పైన అనుమానం వస్తే ల్యాబుకి పంపాలి. శాంపిల్ గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ బాటిల్‌ని అదే నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, బోరు కాసేపు వదిలాక పట్టాలి. వానలకి ఒకలా, మే నెలలో నీళ్లు అడుగంటాక ఇంకోలా రావచ్చు, కాబట్టి ఏడాదికి రెండుసార్లు. అపార్ట్‌మెంట్‌లో ఎండాకాలం బోరు ట్యాంకర్ తెప్పించుకునేవాళ్లు కూడా ఆ బోరు రిపోర్ట్ అడగాలి. ఆర్వో ప్లాంటు ఫ్లోరైడ్‌ని చాలావరకు తీసేస్తుంది, కాకపోతే మెంబ్రేన్ పాతబడితే సరిగా తీయదు, అందుకని ప్లాంటులోకి వెళ్లే నీళ్లు కాదు, బయటికి వచ్చేవి పరీక్షించాలి.

అధికారుల్ని మేం అడిగేది ఇది. ప్రతి అంగన్‌వాడీ, ప్రతి బడి వంటకి వాడే నీళ్ల ఫ్లోరైడ్ అంకె, పరీక్ష చేసిన తేదీతో సహా ఆ గోడ మీద రాయించండి. 1.5 దాటిన చోట తాగే నీళ్లు మార్చి ఊరుకోకుండా వంట నీళ్లు కూడా మార్చండి, జూన్‌లో బళ్లు తెరిచే లోపు ఆ కేంద్రాలకి కృష్ణ నీళ్లు పైపులో వచ్చినా సరే, ట్యాంకర్‌లో వచ్చినా సరే, అందించండి, ముందు మూడేళ్ల లోపు పిల్లలున్న చోట్ల నుంచి మొదలుపెట్టండి.