స్పాంజ్ ఆరకపోతే కడిగినా దండగే

మేకప్ బ్రష్‌లను వారం పది రోజులకోసారి కడగాలని అమెరికాలోని చర్మవైద్యుల సంఘం సలహా. తెలుగు బ్యూటీ వీడియోల్లో కూడా దాదాపు అదే వినిపిస్తుంది. సలహాలో తప్పు లేదు. కానీ కడిగిన వస్తువు ఎలాగూ ఆరిపోతుందని నమ్మి చెప్పిన మాట అది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ నమ్మకం అన్ని నెలల్లో చెల్లదు. రాష్ట్రంలో చాలా చోట్ల వానలు తగ్గుముఖం పట్టే వేళకు మన తీరంలో అసలు వానలు మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, మధ్యలో ఒకటో రెండో వాయుగుండాలు. సరిగ్గా అప్పుడే కార్తీక, మార్గశిర మాసాల పెళ్లిళ్లు. ముసురు పట్టి చీరలే రెండు రోజులకు గానీ ఆరని చోట, పొద్దున కడిగిన మేకప్ స్పాంజ్ సాయంత్రానికి లోపల తడిగానే ఉంటుంది. దాన్ని పౌచ్‌లో వేసి జిప్పు లాగేస్తే కడిగిన పుణ్యం కూడా దక్కదు.

బ్రష్ కంటే స్పాంజ్ గురించే ఎక్కువ చెప్పాలి. 2019లో బ్రిటన్‌లోని ఆస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు, జనం వాడుతున్న లిప్‌స్టిక్‌లు, మస్కారాలు, ఐలైనర్లు, స్పాంజ్‌లు సేకరించి పరీక్షించారు. ఎక్కువ బ్యాక్టీరియా దొరికింది స్పాంజ్‌లలోనే. వాటిలో 93 శాతం కొన్న రోజు నుంచీ ఒక్కసారి కూడా కడగనివి, 64 శాతం ఎప్పుడో ఒకప్పుడు నేల మీద పడినవి. అది చలిదేశంలో తేలిన లెక్క. మన ఉక్కపోతలో అంతకంటే మేలుగా ఉంటుందని అనుకోవడానికి నాకైతే కారణం కనిపించడం లేదు.

స్పాంజ్‌లో అంత బ్యాక్టీరియా చేరడానికి కారణం దాన్ని వాడే తీరులోనే ఉంది. దాన్ని వాడేదే తడిపి, పిండి. దానికి ఫౌండేషన్‌లోని నూనె, ముఖం మీది జిడ్డు, చెమట, మృతచర్మం తోడవుతాయి. తడి, తిండి, వెచ్చదనం మూడూ ఒకేచోట దొరికితే సూక్ష్మజీవులకు ఇంకేం కావాలి? పైన రుద్దితే పోయేది పైపొర మాత్రమే. అందుకని స్పాంజ్‌ని ముందు పూర్తిగా తడపాలి. షాంపూ రెండు చుక్కలు వేసి, అరచేతిలో నొక్కుతూ వదులుతూ లోపలి రంగు బయటికి రప్పించాలి. గోళ్లతో గీరకూడదు, చిరుగుతుంది. చిరుగుల్లోకి వెళ్లిన మురికి ఇక బయటికి రాదు. నొక్కినప్పుడు నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. ఆపైన పొడి తువ్వాలులో పెట్టి గట్టిగా పిండి, గాలి నాలుగు వైపులా తగిలేలా ఫ్యాన్ కింద పెట్టాలి. కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ డబ్బా ప్రయాణంలో దుమ్ము పడకుండా ఉండటానికే, తడి స్పాంజ్‌ని అందులో పెట్టకూడదు.

ఆరిందో లేదో చూపుతో చెప్పలేం, చేతితో చెప్పగలం. తడిస్తే ఉబ్బే రకం స్పాంజ్ పూర్తిగా ఆరితే కొన్నప్పటి సైజుకు తగ్గి కాస్త గట్టిపడుతుంది. ఇంకా మెత్తగా, ఉబ్బెత్తుగా ఉందంటే లోపల నీళ్లున్నట్టే. బ్రష్‌కైతే వెంట్రుకల మొదలును పెదవికి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. అనుమానం ఉన్న పాత స్పాంజ్‌ని పారేసే ముందు కత్తెరతో రెండు ముక్కలు చేసి లోపల చూడండి. నల్లని చుక్కలు ఉంటే అది బూజు. అవి చూశాక మూడు నెలలకోసారి మార్చమని ఎవరూ చెప్పక్కర్లేదు.

బ్రష్‌ల దగ్గర మన నీళ్ల సంగతి వస్తుంది. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు బోరు నీళ్లలో సబ్బు విరిగిపోతుందని అందరికీ తెలిసిందే. తీరం పక్క ఊళ్లలో ఉప్పు నీళ్ల గోల వేరే. సబ్బుబిళ్ల మీద బ్రష్‌ని తిప్పి కడగడం వీడియోల్లో బాగానే ఉంటుంది గానీ, బోరు నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. అది వెంట్రుకలకు పట్టుకుని, ఆరాక బ్రష్ గరుకుగా, చీపురులా విచ్చుకుంటుంది. బ్రష్ పాడైపోయిందని పారేస్తారు. నిజానికి అది సబ్బు చేసిన పని. షాంపూలో ఉండేది వేరే రకం పదార్థం, గట్టి నీళ్లలోనూ నురగ వస్తుంది, తెట్టు కట్టదు. కాబట్టి ఈ ప్రాంతంలో సబ్బు కంటే మామూలు షాంపూ, కుదిరితే పిల్లల షాంపూ మేలు. చివరి జాడింపు మాత్రం గ్లాసుడు క్యాన్ నీళ్లతో చేస్తే చాలు, బకెట్ అక్కర్లేదు.

కడిగేటప్పుడు బ్రష్ తల కిందికి ఉండాలి. కుచ్చును పిడికి పట్టి ఉంచే లోహపు తొడుగులోకి నీళ్లు పోతే లోపలి జిగురు కరిగి వెంట్రుకలు ఊడతాయి. కడిగాక గ్లాసులో నిలబెట్టినా అంతే, నీళ్లు మెల్లగా తొడుగులోకే దిగుతాయి. టేబుల్ అంచున పడుకోబెట్టి తల గాలిలోకి ఉండేలా పెట్టాలి. చిన్న ఐషాడో బ్రష్ త్వరగానే ఆరుతుంది, దట్టంగా ఉండే పౌడర్ బ్రష్‌కి రాత్రంతా వదిలేయాలి. వానాకాలమైతే మర్నాడు కూడా.

ఎన్నాళ్లకోసారి అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ఫౌండేషన్, కన్సీలర్ లాంటి క్రీములకు వాడేవాటిని వారానికోసారి కడగాలి. పౌడర్ బ్రష్‌లకు పది రోజులు, ఎప్పుడో పండక్కి పబ్బానికి వాడేవారికి వాడిన ప్రతిసారీ. స్పాంజ్‌ని మాత్రం వాడిన రోజే కడగాలి. ముసురు రోజుల్లో అది ఆరే దారి లేకపోతే ఆ వారం స్పాంజ్ పక్కన పెట్టి, శుభ్రమైన వేళ్లతో ఫౌండేషన్ రాసుకోవడమే నయం. చేతులు కడుక్కుంటే నిమిషంలో ఆరతాయి.

ఇదంతా ఒక్క ముఖం లెక్క. పెళ్లింట్లో లెక్క మారిపోతుంది. కావలిలో తెల్లవారుజాము ముహూర్తం అనుకోండి. అర్ధరాత్రి దాటాక మేకప్ మొదలవుతుంది. ముందు పెళ్లికూతురు, తర్వాత వాళ్లమ్మ, ఆపైన ఆడపడుచు, పిన్ని, ఇద్దరు స్నేహితురాళ్లు. స్టీలు గ్లాసులో నీళ్లు పెట్టుకుని అదే స్పాంజ్‌ని ముంచి, పిండి, అందరికీ అద్దుతారు. ఆరో మనిషి వచ్చేసరికి గ్లాసులో నీళ్లు పలచని టీ రంగులో ఉంటాయి. ఒకరికి మొటిమలు పగిలి ఉండొచ్చు, ఇంకొకరికి పెదవి మీద జ్వరపు పొక్కు ఉండొచ్చు. తెల్లారి ఆ తడి స్పాంజ్ పౌచ్‌లోకి, మర్నాడు ఒంగోలులో ఇంకో పెళ్లికి.

దీన్ని సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. మనిషికో స్పాంజ్ ఉండాలి. ఫౌండేషన్‌ని, లిప్‌స్టిక్‌ని చిన్న స్టీలు గరిటెతో గీరి పళ్లెంలోకి తీసుకుని అక్కడి నుంచే వాడాలి. ముఖానికి తగిలిన బ్రష్ మళ్లీ సీసాలోకి పోకూడదు. మస్కారాకు ఒకసారి వాడి పారేసే పుల్లలు దొరుకుతాయి. పౌడర్ బ్రష్‌ని మనిషికీ మనిషికీ మధ్య టిష్యూ మీద బాగా తుడిచి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి, మళ్లీ తుడిచి, ఆరనివ్వాలి. 99 శాతం ఇంకా బాగా పనిచేస్తుందనుకుంటారు. అది చప్పున ఆవిరైపోతుంది, సూక్ష్మజీవిని చంపడానికి కాస్త నీరు కూడా ఉండాలి. అయితే క్రీము పట్టిన బ్రష్ మీద ఎంత చల్లినా లాభం లేదు, జిడ్డు అడ్డుపడుతుంది. దాన్ని కడగాల్సిందే, అందుకే క్రీము బ్రష్‌లు రెండు మూడు సెట్లు ఉండాలి. అన్నట్టు పక్కగదిలో దీపమో హోమమో ఉంటే ఆ స్ప్రే అటు వైపు వద్దు, భగ్గుమంటుంది.

బుక్ చేసుకునేటప్పుడు ఎయిర్‌బ్రషా, హెచ్‌డీనా అని అందరూ అడుగుతారు. ఎన్ని స్పాంజ్‌లు తెస్తావమ్మా అని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే ఏ బ్యూటీషియనూ నొచ్చుకోనక్కర్లేదు. వేలల్లో ప్యాకేజీ తీసుకునేటప్పుడు ఆరు స్పాంజ్‌ల ఖర్చు ఒక లెక్కలోది కాదు.

ఇక ఎక్స్‌పైరీ. మన దేశంలో అమ్మే సౌందర్య సాధనాల మీద ఏ నెల, ఏ సంవత్సరం లోపు వాడాలో ఉండాలి. చాలావాటి మీద మూత తీసిన చిన్న డబ్బా బొమ్మ కూడా ఉంటుంది, లోపల 6M అనో 12M అనో. తెరిచాక అన్ని నెలలు అని దానర్థం. తేదీ ఇంకా రెండేళ్లుందని, తెరిచి ఏడాదిన్నరైన ఫౌండేషన్‌ని వాడేస్తుంటారు. తెరిచిన రోజే సీసా అడుగున మార్కర్‌తో నెల రాసుకుంటే ఈ గొడవ ఉండదు. అయినా రోహిణి కార్తెలో స్కూటీ డిక్కీలో పెట్టిన వస్తువుకు ఏ తేదీ పనిచేయదు.

పాడైన దాన్ని గుర్తించడంలో అనవసరంగా పారేసేవి, పారేయకుండా ఉంచుకునేవి రెండూ ఉన్నాయి. ఎండల్లో లిప్‌స్టిక్ మీద చెమటలా చుక్కలు పోస్తాయి. అది మైనంలోంచి నూనె బయటికి రావడం, అంతమాత్రాన పాడైనట్టు కాదు. టిష్యూతో తుడిచి వాసన చూడండి. మాగిన పాత నూనె వాసన వస్తే, పెదవి మీద జారకుండా పట్టేస్తుంటే పారేయాలి. కాంపాక్ట్ మీద నున్నటి గట్టి పొర కడితే అదీ ఎక్స్‌పైరీ కాదు, మురికి పఫ్ నుంచి వచ్చిన జిడ్డు. సెల్లో టేప్ అద్ది లాగితే ఆ పొర వచ్చేస్తుంది. కానీ తడి స్పాంజ్‌ని కాంపాక్ట్‌లో అద్దే అలవాటుంటే నీళ్లు లేని పొడికి మనమే నీళ్లు పోస్తున్నాం. మచ్చలో, నూగో, ముక్కిన వాసనో కనిపిస్తే గీరి వాడే ప్రయత్నం వద్దు. ఫౌండేషన్ సీసాలో నూనె తేలినప్పుడు ఊపి చూడాలి. కలిసిపోతే ఫర్వాలేదు. కలవకుండా గింజలుగా, చారలుగా ఉంటే, లేదా రంగు ముదిరి పులిసిన వాసన వస్తే దాని పని అయిపోయింది.

మస్కారా, లిక్విడ్ ఐలైనర్ మాత్రం ఏ గుర్తూ ఇవ్వవు. నల్లటి రంగు, మూసిన గొట్టం, వాసన తెలియదు. లోపల బ్యాక్టీరియా పెరిగినా పైకి బాగానే ఉంటాయి. అందుకే మస్కారాకు మూడు నెలలే గడువు. ఎండిపోయిందని నీళ్లో, ఉమ్మో కలిపితే ప్రిజర్వేటివ్ పలచబడి, ఉన్న కాస్త రక్షణా పోతుంది. కాటుక పెన్సిల్ ఇంత కష్టపెట్టదు, చెక్కితే కొత్త మొన వస్తుంది. తిప్పే రకం కాటుకలో ఆ వీలు లేదు, పై పొరను టిష్యూతో తుడిచి తీసేయాలి. ఇక కళ్లకలక వచ్చినప్పుడు వాడిన మస్కారా, ఐలైనర్, కాటుక ఎంత కొత్తవైనా, ఎంత ఖరీదు పెట్టినా, తగ్గాక మళ్లీ ముట్టుకోకుండా పారేయాలి.