స్పీడ్ సరే, ఫిర్యాదు చేస్తే పలుకుతారా?

“100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో నిజంగా ఎంత వస్తుంది? కంప్లయింట్ ఇస్తే పట్టించుకుంటారా?”

మాది విజయవాడ, ఫైబర్ కనెక్షన్. ల్యాప్‌టాప్‌కు నేరుగా కేబుల్ పెట్టి చూస్తే పగలు 94 వరకు వస్తుంది. రాత్రి తొమ్మిది దాటాక అదే కేబుల్ మీద 60కి పడిపోతుంది కాబట్టి అది వైఫై లోపం కాదు. అయినా ఇంటి అవసరాలకు చాలు.

అసలు బాధ వానాకాలంలో. రూటర్ మీద LOS దగ్గర ఎర్ర లైటు వెలిగిందంటే ఫైబర్‌లో సరిపడా వెలుతురు రావడం లేదని అర్థం. రీస్టార్ట్ చేసి లాభం లేదు. కస్టమర్ కేర్‌ వాళ్లు మాత్రం ముందు అదే చేయమంటారు. ఒకసారి నెట్ రాకుండానే ‘సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్ పంపి ఫిర్యాదు మూసేశారు. చాలా కోపం వచ్చింది. ఫిర్యాదుకు ఇచ్చిన డాకెట్ నంబర్, ఎర్ర లైటు ఫొటో జతచేసి, ఆ కంపెనీలోనే ఫిర్యాదు తేలనప్పుడు అప్పీలు వినే అప్పిలేట్ అథారిటీకి రాశాను. దానికి ఫీజు లేదు. అప్పుడు లైన్‌మన్ వచ్చి మీటర్ పెడితే సిగ్నల్ మైనస్ 31 డీబీఎం చూపించింది. మైనస్ 27 కంటే కిందికి పడితే లైన్ నిలవదట. స్తంభం మీది జాయింట్‌లోకి నీళ్లు దిగాయి. దాన్ని మార్చాక మైనస్ 21కి వచ్చింది, మళ్లీ తెగలేదు. లైన్‌మన్ పనితనానికి పూర్తి మార్కులు వేస్తాను, కాల్ సెంటర్‌కు వేయలేను.