మన ఇంట్లో డ్రయ్యర్ వేరు, ఆ ఉన్ని బంతులు అడిగే డ్రయ్యర్ వేరు

పోయిన నెల కనిగిరి వెళ్తే మా వదిన ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆరు ఉన్ని బంతులు చూపించింది, టవళ్ళు చెక్కలా అయిపోతున్నాయని, ఇవేస్తే మెత్తగా వస్తాయని ఎవరో వీడియోలో చెప్పారంట. సెమీ ఆటోమేటిక్ మెషీన్ డ్రయ్యర్‌లో బట్టలతో పాటు నాలుగు బంతులు వేసి మూడు వారాలు చూసిందంట, ఏం మార్పు లేదు, పైగా డ్రమ్ము ఒక పక్కకి బరువై దడదడా కొట్టుకుంటోందని చెప్పింది.

తప్పు వదినది కాదు, అమ్మేవాళ్ళు ఈ తేడా చెప్పట్లేదు, నాకు కోపం వచ్చేది అక్కడే. మనం డ్రయ్యర్ అనేది నీళ్ళు పిండే టబ్బు. అందులో వేడి గాలి ఉండదు, బట్టలు గోడకి అతుక్కుపోయి తిరుగుతాయి. ఆ బంతులు చేసింది వేడి గాలిలో బట్టల్ని ఎత్తి కింద పడేసే మెషీన్ కోసం, అక్కడ బట్టల మధ్య దూరి ముద్దలు విడదీస్తాయి, గాలి లోపలికి పోతుంది, అంతవరకే వాటి పని. పిండే టబ్బులో విడదీయడానికి ఏం లేదు కదా. వేడి డ్రయ్యర్‌లో బట్టలతో పాటు వేసే డ్రయ్యర్ షీట్ కూడా అంతే, వేడికి దాని మీదున్న మెత్తబరిచే మైనం లాంటి పూత కరిగి బట్టకి అంటాలి, వేడే లేకపోతే అది ఉట్టి గుడ్డముక్క.

మరి టవల్ బిరుసెక్కేది ఎందుకు? రెండు కారణాలు, రెంటికీ మందు వేరు. మొదటిది ఏ నీళ్ళయినా ఉండేదే. దండెం మీద కదలకుండా ఆరిన కాటన్‌లో పోగుల మీద కాస్త నీరు అంటుకుని మిగిలిపోతుంది, అదే జిగురులా పోగుల్ని పట్టేస్తుంది, 2020లో జపాన్‌లో కావో కంపెనీ, హొక్కైడో యూనివర్సిటీ వాళ్ళు దీన్ని ప్రయోగం చేసి చూపించారు. రెండోది మన బోరు నీళ్ళు. కుళాయి మీద తెల్లగా గార కట్టే నీళ్ళలో కాల్షియం ఉంటుంది, చాలా పౌడర్లలో వాషింగ్ సోడా ఉంటుంది, రెండూ కలిస్తే సున్నం లాంటి పొడి విడిపోయి బట్టలో కూర్చుంటుంది, సరిగా జాడించకపోతే మిగిలిన సబ్బు దానికి తోడు.

మీ టవల్‌కి ఈ రెంటిలో ఏ కారణమో తెలుసుకోవడం తేలికే. ఆరిన టవల్‌ని రెండు చేతుల్తో గట్టిగా నలిపి దులపండి, మెత్తబడి అలాగే ఉంటే మొదటి కారణం, ఆ నలిపి దులపడమే దానికి మందు. నలిపినా గరుగ్గా ఉంటే రెండోది. అప్పుడు పౌడర్ వేయకుండా వేణ్నీళ్ళలో టవల్ ముంచి పిసకండి, నురగ వచ్చిందంటే సబ్బు లోపలే ఉంది.

వదిన టవల్ నలిపినా మెత్తబడలేదు, వేణ్నీళ్ళలో నురగ కూడా బాగానే వచ్చింది. పౌడర్ సగానికి తగ్గించాం, ఉతికాక ఒక నిమిషం పిండి, జాడించి, మళ్ళీ పిండి, ఇంకోసారి జాడించాం. మధ్యలో పిండడం ముఖ్యం, సబ్బు నీళ్ళు బయటికి పోయాకే మంచి నీళ్ళు లోపలికి పోతాయి. తర్వాత పాత సున్నం కోసం వెనిగర్ పెట్టాం. ఇక్కడ చాలామంది బకెట్ నిండా బోరు నీళ్ళు పోసి అరకప్పు వెనిగర్ వేస్తారు, ఆ కొంచెం పులుపు నీళ్ళలో ఉన్న క్షారానికే ఖర్చయిపోతుంది, బట్టదాకా రాదు. మేం రెండు టవళ్ళకి నాలుగు లీటర్ల ఆర్వో నీళ్ళు, ఒక కప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి జాడించాం (బ్లీచింగ్ ఉన్న వాటితో మాత్రం వెనిగర్ కలపొద్దు, విషపు గాలి వస్తుంది). ఆరేసే ముందు గట్టిగా దులిపి, నీడలో గాలి తగిలేచోట వేసి, తీసేటప్పుడు మళ్ళీ దులిపాం. కొత్తదానిలా అవ్వలేదు కానీ మొహం తుడుచుకుంటే గీరుకోవట్లేదు.

ఇక బట్టలు ఒంటికి అతుక్కుని చిటపటలాడే స్టాటిక్. అది పొడి గాలిలో పాలిస్టర్, కాటన్ రాసుకుంటే పుడుతుంది. దండెం మీద ఆరే బట్ట దేనికీ రాసుకోదు, నెల్లూరు, ఒంగోలు తీరంలో గాలిలో తేమ కూడా ఎక్కువ, అందుకే మనకి ఈ బాధ తక్కువ. అమెరికాలో చలికాలం హీటర్ వేసుకున్న ఇంట్లో, వేడి డ్రయ్యర్ వాడే మా అక్క కూతురికి మాత్రం నిజంగా బాధే, అక్కడ షీట్ పనిచేస్తుంది, ఆ పూత రాపిడి తగ్గించి కాస్త తేమ పట్టి ఉంచుతుంది. ఉన్ని బంతులు స్టాటిక్‌కి పెద్దగా సాయం చేయవు, బట్టల్ని అతిగా ఎండనివ్వకుండా కాస్త ముందే మెషీన్ ఆపడం, పాలిస్టర్ విడిగా వేయడం అంతకంటే మేలు. టవళ్ళకి మాత్రం షీట్ వాడొద్దని చెప్పా, పూత పేరుకుంటే నీళ్ళు పీల్చవు.

కనిగిరిలో కూడా మే నెల వడగాలికి సింథటిక్ చీర లంగాకి అతుక్కుంటుంది, దానికి తడి చేత్తో లంగా మీద ఒకసారి నిమిరితే చాలు, లేదా లోపల కాటన్ లంగా కట్టుకోవాలి. వదిన బంతులు అక్క కూతురికి పంపేశాం, అక్కడ దుప్పట్లు ముద్ద కట్టకుండా ఆరతాయి.